ఎండిన ఆకు కొసల ఫొటోలు సాక్ష్యంగా నిలుస్తాయా?

ప్రశ్న: మా డాబా మీది కుండీ మొక్కలను చూసుకునే వ్యక్తి ద్రవ ఎరువు పోసి వెళ్లిన నాలుగు రోజులకు ఆకుల కొసలు గోధుమరంగుకు తిరిగి, పట్టుకుంటే విరిగేలా ఎండిపోయాయి. అది ఎండకో గాలికో మాడిందని, తన తప్పేమీ లేదని ఆయన అంటున్నారు. నేను ఫోన్‌లో తీసిన ఏడు ఫొటోలు పంపుతున్నాను. వీటితో నష్టపరిహారం అడగవచ్చా?

జవాబు: అడగవచ్చు. అయితే మీరు అన్నిటికంటే బలమైనదని భావించి మొదట పెట్టిన ఫొటో మీకు దాదాపు ఉపయోగపడదు. ఒకే ఒక ఆకు కొసను బాగా దగ్గరగా తీసిన ఆ ఫొటోలో గోధుమరంగు, పెళుసుదనం స్పష్టంగానే కనిపిస్తున్నాయి. కానీ కొస మాడిందనే విషయంలో మీకూ ఆయనకూ వివాదం లేదు. వివాదమంతా ఎందుకు మాడిందన్న దాని మీదే. వేరు నుంచి పైకి ఎక్కే నీటికి ఆకు కొస చిట్టచివరి మజిలీ. నీరు చాలకపోయినా, వేడిగాలికి ఆకు నుంచి తేమ వేగంగా ఆవిరైపోయినా, నీటితో పాటు వచ్చిన లవణాలు పేరుకుపోయినా ముందుగా దెబ్బ తగిలేది అక్కడే. అందుచేత కొస ఒక్కదాన్నీ చూసి కారణం చెప్పబోయే వారిని ఎదుటి పక్షం న్యాయవాది రెండు ప్రశ్నలతో నిలువరించగలరు.

కారణాన్ని చెప్పేది మచ్చ రంగు కంటే దాని స్థానం. ఏ మొక్కకు, మొక్కలో ఏ వైపు ఆకులకు, ఆకులో ఏ భాగానికి దెబ్బ తగిలింది, ఏ భాగం దెబ్బ తప్పించుకుంది అన్నది చూడాలి. ఎండ, గాలి రెండూ ఒక దిక్కు నుంచి వస్తాయి. ఎరువు మాత్రం వేరు నుంచి వస్తుంది కనుక దానికి దిక్కుతో పని లేదు. నిరూపణ భారం ఫిర్యాదు చేసే మీ మీదే ఉంటుంది కాబట్టి, ఈ తేడా ఆధారంగానే మీ ఫొటోలను ఒక్కొక్కటిగా పరిశీలించాను.

ఎండదెబ్బ సాధారణంగా కొసకే పరిమితం కాదు. సూర్యుడికి నేరుగా ఎదురుగా ఉన్న ఆకు ఉపరితలం మీద, తరచుగా ఆకు ఈనెలకు నడుమ ఉన్న భాగంలో, ముందు పాలిపోయి తర్వాత కాగితంలా ఎండిన తెల్లని లేదా లేత గోధుమరంగు మచ్చ పడుతుంది. పై ఆకు నీడ పడిన మేరకు కింది ఆకు పచ్చగానే మిగులుతుంది, నీడ ఆగిన చోట గీత గీసినట్లు హద్దు కనిపిస్తుంది. మీ అయిదో ఫొటోలో పిట్టగోడ పక్కనున్న పెద్ద ఆకుల మొక్కను గమనించండి. దాని ఒక ఆకు మీద తెల్లని మచ్చ ఉంది, పై ఆకు కప్పిన భాగం మాత్రం చెక్కుచెదరలేదు, మచ్చ అంచు ఆ పై ఆకు అంచు ఆకారంలోనే ఉంది. ఇది ఎండదెబ్బే. అంతకు ముందు వారం ఆ కుండీని లోపలి నుంచి బయటకు మార్చినట్లు మీరే రాశారు. నీడకు అలవాటు పడిన ఆకును ఒక్కసారిగా ఎండలో పెడితే జరిగేది ఇదే. ఈ మొక్కను మీ ఫిర్యాదు నుంచి తీసేయాలని నా సలహా. దాన్ని కూడా ఎరువు ఖాతాలో వేస్తే, ఒక్క మొక్క విషయంలో తేలిపోయిన వాదన మిగతా అన్నిటి మీదా అనుమానం కలిగిస్తుంది.

గాలి దెబ్బ వేరేలా ఉంటుంది. కొసలూ అంచులూ గోధుమరంగుకు మారడం ఇందులోనూ ఉంటుంది కనుక ఎదుటి పక్షానికి ఎక్కువ ఆసరా ఇచ్చేది ఈ వాదనే. కానీ గాలి ఆకును ఎండబెట్టడంతో ఊరుకోదు, ఊపుతుంది, చీలుస్తుంది, పక్క ఆకుకో కొమ్మకో గోడకో రాపిడి చేస్తుంది. అందుకే ఎండిన అంచుతో పాటు చిరుగులు, గీరుకుపోయిన గుర్తులు కూడా ఉంటాయా అని చూడాలి. లేత ఆకులకు దెబ్బ ఎక్కువగా తగులుతుంది. గాలి వీచే వైపు ఎక్కువగా, గోడ చాటున తక్కువగా ఉంటుంది. మీ రెండో ఫొటోలో డాబా మొత్తం కనిపించడం మీ అదృష్టం. గోడ మూలన, గాలి తగలని చోట ఉన్న మూడు కుండీల్లోనూ కొసలు అంతే తీవ్రంగా మాడాయి, ఏ ఆకూ చిరగలేదు. గాలి వాదనకు మీ దగ్గరున్న గట్టి జవాబు ఇదే.

ఇక ఎరువు సంగతి. మోతాదు మించిన ఎరువు లవణాలు మట్టిలోని నీటిని గాఢంగా మార్చడంతో వేరు ఆ నీటిని పీల్చలేకపోతుంది. మట్టి తడిగా ఉన్నా మొక్క వాడిపోవడానికి కారణం అదే. వేరు దాటి లోపలికి వెళ్లిన లవణాలు ఆకు చివరికి చేరి, నీరు ఆవిరయ్యాక అక్కడే మిగిలిపోతాయి. సన్నని పొడవాటి ఆకుల్లో కొస నుంచి, వెడల్పాటి ఆకుల్లో కొసతో పాటు అంచు పొడవునా మాడడం మొదలవుతుంది. చాలా మొక్కల్లో ముదిరిన కింది ఆకులకు ముందుగా కనిపిస్తుంది. మాడిన భాగానికీ పచ్చని భాగానికీ మధ్య సన్నని పసుపు పట్టీ ఉండటమూ కద్దు. మీ నాలుగో ఫొటో ఈ విషయంలో అన్నిటికంటే విలువైనది, మీరు దాన్ని గమనించినట్లు లేదు. గుబురుగా పెరిగిన ఆ మొక్కలో పై ఆకులను చేత్తో పక్కకు తీసి పట్టుకుంటే, ఎండ కన్నెరగని అడుగు ఆకుల కొసలు కూడా మాడి ఉన్నాయి. ఎండ అక్కడికి చేరదు, గాలీ అంతగా చేరదు. మొక్క చుట్టూ అన్ని వైపులా ఒకే తీరుగా ఉండటం కూడా ఈ ఫొటోలోనే తెలుస్తోంది.

అయినా ఇక్కడితో నిర్ణయానికి రాకూడదు. దిక్కుతో సంబంధం లేకుండా కొసలను మాడ్చేవి ఇంకా ఉన్నాయి: ఉప్పునీరు, చాలా రోజులు నీరు పోయకపోవడం, పొటాషియం లోపం వంటివి. ఆరో ఫొటోలో కుండీ అంచున తెల్లని పొర ఉందని మీరు ఎరుపు వలయం గీసి చూపారు. ఆ పొర ఎరువు లవణం కావచ్చు, రోజూ పోసే కఠిన జలం వదిలిన సున్నమూ కావచ్చు. ఎదుటి పక్షం రెండోదే అంటుంది. వారి నోరు కట్టేది ఏడో ఫొటో. ఆ మనిషి ఎరువు పోయడం మరచిన రెండు కుండీలు అందులో ఉన్నాయి, అదే జాతి మొక్కలు, అదే వరుస, మీరు పోసేదీ అదే నీరు. వాటి ఆకుల కొసలు పచ్చగా ఉన్నాయి, కుండీ అంచున పొర లేదు. ఎండ, గాలి, నీరు అన్నీ సమానమై ఎరువు ఒక్కటే తేడా అయిన చోట కారణాన్ని ఊహించుకోవలసిన పని లేదు. అయితే ఆ రెండు కుండీలకు ఎరువు పోయలేదన్న విషయం ఫొటోలో కనిపించదు. అది మీ మాటగానే మిగలకుండా ఉండాలంటే, ఆయన మీకు పంపిన సందేశాల్లో దాని ప్రస్తావన ఉందేమో వెతకండి.

మీరు వెంటనే చేయవలసిన పని ఒకటుంది, దాని క్రమం తప్పితే కేసు చెడుతుంది. లవణం ఎక్కువైన కుండీని బతికించాలంటే అడుగు రంధ్రం నుంచి ధారాళంగా పారేలా, కుండీ పరిమాణానికి రెండింతల మంచినీళ్లు మెల్లగా పోసి కడగాలి. నష్టం పెరగకుండా చూసుకోవడం ఫిర్యాదుదారు బాధ్యత కనుక, సాక్ష్యం కోసమని మొక్కలను చావనివ్వడానికి వీల్లేదు. కానీ కడిగిన క్షణంలోనే మట్టిలోని రుజువూ కొట్టుకుపోతుంది. కాబట్టి ముందుగా ఎరువు పోసిన కుండీల నుంచి, పోయని కుండీల నుంచి విడివిడిగా వేరు లోతు మట్టి తీసి, శుభ్రమైన సంచుల్లో మూసి, తేదీ రాసి, తటస్థుడైన ఒకరి సంతకం తీసుకోండి. వీలైతే ఎదుటి వారినీ పిలవండి. రాకపోతే పిలిచినట్లు రాతపూర్వకమైన ఆధారం ఉంచుకోండి. ఆ తర్వాతే కడగండి. మట్టి పరీక్షలో విద్యుత్ వాహకత అనే కొలత లవణ గాఢతను చెబుతుంది. రెండు రకాల మట్టి మధ్య పెద్ద తేడా వస్తే ఫొటోలు చెప్పిందే ప్రయోగశాల కూడా చెప్పినట్లవుతుంది.

ఫొటోల విషయంలో మీరు నాకు పంపినవి మెసేజింగ్ యాప్ ద్వారా కుదించబడి వచ్చాయి, వాటిలో తీసిన తేదీ, సమయం వివరాలు లేవు. మీ ఫోన్‌లోని అసలు ఫైళ్లను చెరపకుండా, దిద్దకుండా ఉంచండి. ఎర్ర వలయం గీసిన ప్రతిని వివరణకు మాత్రమే వాడి, మూలాన్ని విడిగా ఇవ్వాలి. మూడో ఫొటో సాయంకాలపు పసుపు వెలుగులో తీసింది. అందులో పచ్చని ఆకు కూడా పసుపుగా కనిపిస్తోంది కనుక నేను దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. అదే మొక్కను పగటి నీడ వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పక్కన ఒక తెల్ల కాగితం ఉంచి, ఆకు రెండు వైపులా, మొక్క మొత్తం, మట్టి ఉపరితలం కనిపించేలా మళ్లీ తీయండి. ఏ దిక్కుకు నిలబడి తీశారో కూడా రాసి పెట్టుకోండి.

ఇంతా చేసి ఎరువే కారణమని తేలినా, కారణం వేరు, నిర్లక్ష్యం వేరు. లేబుల్ మీద చెప్పిన మోతాదులోనే కలిపి, తడి మట్టిలోనే పోసి ఉంటే ఆయన మీద తప్పు మోపడం కష్టం. సీసా, కొలత మూత, ఎంత నీటిలో ఎంత కలిపారన్న దానికి ఆధారం మీ దగ్గర ఉన్నాయా లేవా అన్నదాని మీదే మీ కేసు బలం ఆధారపడుతుంది. పొడిబారిన మట్టిలో పోశారా అన్నది కూడా అడగండి, ఆ రోజు ఉదయం నీళ్లు పోయవలసింది మీరైతే బాధ్యతలో మీ వాటా కూడా లెక్కకు వస్తుంది.

పరిహారం మొత్తాన్ని ఇప్పుడే నిర్ణయించకండి. మాడిన కొస మళ్లీ పచ్చబడదు, కానీ కడిగిన తర్వాత వచ్చే కొత్త ఆకులు ఆరోగ్యంగా ఉంటే ఆ మొక్క నష్టపోయిందని చెప్పలేం. నాలుగు వారాలు ఆగి, చనిపోయిన వాటిని, కోలుకుంటున్న వాటిని అవే కోణాల్లో మళ్లీ ఫొటో తీయండి. తోటల శాస్త్రం చదివిన ఒక నిపుణుడికి అసలు ఫొటోలు, మట్టి పరీక్ష నివేదిక, వీలైతే మొక్కలను కూడా చూపించి రాతపూర్వక అభిప్రాయం తీసుకోండి. ఆకులను చదివి నేను చెప్పినది మీ వాదన ఎలా ఉండాలో చూపడానికే పనికొస్తుంది, తీర్పు చెప్పేవారి ముందు నిలబడవలసింది ఆ నిపుణుడి సంతకం. అది చేతికొచ్చాక, చనిపోయిన మొక్కల విలువ, పరీక్ష ఖర్చు మాత్రమే అడుగుతూ, పిట్టగోడ పక్కది మినహాయించి నోటీసు పంపండి.