రెండు కొంటే ఒకటి ఫ్రీ అంటే ఎంత శాతం డిస్కౌంట్ ఇచ్చినట్టు? మా ఆఫీసులో ఒకరు 50 అంటున్నారు, ఒకరు 33 అంటున్నారు.

33.33 శాతం, అది కూడా మూడింటి ధరా ఒకటే అయితేనే. రెండు కొన్నాం, ఒకటి వచ్చింది కాబట్టి సగం అనుకుంటారు గానీ, భాగించాల్సింది డబ్బు కట్టిన రెండుతో కాదు, ఇంటికి తెచ్చుకున్న మూడుతో.

ధరలు వేరైతే మాత్రం ఈ 33 మర్చిపోండి. నాకిది ఆషాఢం సేల్‌లో తెలిసొచ్చింది. మా వదిన 1499 రూపాయల కుర్తీలు మూడు తీసుకుంది, నేను ఇంట్లోకని 699వి మూడు తీసుకున్నాను. కౌంటర్ దగ్గర క్యూ చాంతాడంత ఉంది, ఆరూ కలిపి ఒకే బిల్లు వేయించేశాం. మొత్తం 6594, అందులో మూడో వంతు పోతే 4396 కట్టాలని నేను ముందే లెక్కేసుకుని ఉన్నాను. బిల్లు చూస్తే 5196! ఆరు కొంటే రెండు ఫ్రీ కదా, ఆ రెండూ తక్కువ ధరవే ఉండాలట, అంటే రెండూ నా 699వే పోయాయి. 1398ని 6594తో భాగించి చూడండి, 21 శాతమే వస్తుంది.

బిల్లు క్యాన్సిల్ చేసి వదినవి వేరు, నావి వేరు వేయమన్నాను. కౌంటర్ అబ్బాయి "వెనకాల ఎంతమంది ఉన్నారో చూడండి మేడం" అని విసుక్కున్నాడు, వదిన కూడా "పోనీలే" అంది, నేను మాత్రం కదల్లేదు. 800 రూపాయలు ఊరికే ఎందుకు వదులుకోవాలి? రెండు బిల్లులు చేస్తే వదినకి ఒక 1499ది, నాకు ఒక 699ది ఫ్రీ వచ్చి మొత్తం సరిగ్గా 4396 అయింది. వదిన బిల్లులో ఒక్కో కుర్తీ 999.33 అని పడింది, 33 శాతానికి ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. అసలు తక్కువ ధరదే ఫ్రీ అనే ముక్కని బోర్డు మీద చీమ తలకాయంత అక్షరాల్లో ఎందుకు వేస్తారో, అదీ పెద్దగా రాయొచ్చు కదా! పైగా క్యారీ బ్యాగుకి వేరే డబ్బులు.

కాబట్టి ఫ్రీగా వచ్చినదాని ధరని అన్నింటి అసలు ధరతో భాగించి వందతో గుణించండి, అదే మీ డిస్కౌంట్. ఒకే బిల్లులో ఎక్కువ తీసుకుంటే దగ్గర దగ్గర ధరలవి మూడేసి చొప్పున విడగొట్టి వేయించుకోండి.

ఇంకొకటి, మీకు కావాల్సింది రెండే అయితే ఈ ఆఫర్‌లో మీకు తగ్గేది సున్నా. పక్క షాపులో ఫ్లాట్ 30 శాతం ఉంటే నేనైతే కళ్ళు మూసుకుని అక్కడికే పోతాను. అవే 1499వి రెండు అక్కడ 2099కి వస్తాయి, ఇక్కడ 2998 కట్టి అక్కర్లేని మూడోది మోసుకెళ్ళాలి. మా వదిన మూడో కుర్తీ ఇప్పటికీ ట్యాగ్ తియ్యకుండా బీరువాలోనే ఉంది.