గోంగూర పచ్చడి వీడియో: మాటల్లోంచి కొలతలు తీయడం

“గుంటూరు గోంగూర పచ్చడి వీడియోలోని మాటలన్నీ రాసుకున్నానండీ. నూనె మూడు చోట్ల వస్తోంది. పదార్థాల జాబితాలో ఎంతని రాయాలి?”

జాబితాలో మొత్తం కూడి ఒక్కసారే రాసి, విడి కొలతలను ఆయా దశల్లోనే ఉంచండి. మీరు రాసుకున్న మాటల్లో ఎండుమిర్చి వేయించడానికి ఒక చెంచా, ఆకు మగ్గించడానికి రెండు, పోపుకు మూడు ఉన్నాయి కనుక జాబితాలో ‘నూనె 6 చెంచాలు’ అవుతుంది. అయితే అది 5 మి.లీ. చెంచానో 15 మి.లీ. చెంచానో మాటల్లో తెలియదు. వీడియోలో ఆ క్షణం చూసి తేల్చుకోవాలి, లేదంటే నూనె మూడు రెట్లు మారిపోతుంది.

ఆకు మగ్గుతుండగా వీడియోలో వంట చేస్తున్నావిడ ‘పావుకిలో ఆకు రాత్రే కడిగి ఆరబెట్టాను’ అంటున్నారు. మాట మధ్యలో వచ్చినా అదే మొదటి దశ, ఎందుకంటే తడి మిగిలితే పచ్చడి త్వరగా బూజు పడుతుంది. ఉప్పు ‘సరిపడా’ అన్నారు కనుక అంకె కల్పించకుండా అలాగే రాయండి.