500 డాలర్లలో మొదటి లాప్‌టాప్: మెకానికల్ ఎంఎస్‌కి వస్తున్న తమ్ముడికి

"అన్నా, ఆగస్టులో టెక్సాస్ వస్తున్నా, మెకానికల్. లాప్‌టాప్‌కి 500 డాలర్లకు మించి పెట్టలేను. ఐ7 ఉన్నది తీసుకోమని అందరూ అంటున్నారు" అని రాశావు. ముందు ఆ 500 లెక్క చూద్దాం. ఇక్కడ బోర్డు మీద ఉన్న ధరకు పన్ను విడిగా కలుపుతారు. టెక్సాస్‌లో చాలా ఊళ్లలో అది 8.25 శాతం, అంటే 450 అని రాసి ఉన్నది బిల్లు దగ్గరికొచ్చేసరికి 487 అవుతుంది.

నేను వచ్చిన కొత్తలో సన్నగా మెరిసిపోతున్న లాప్‌టాప్ ఒకటి చూసి ముచ్చటపడి కొన్నాను. 4 జీబీ ర్యామ్, అదీ బోర్డుకి అతికించేసిందే. మ్యాట్‌ల్యాబ్ తెరిచి, పక్కన బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లు పెడితే మౌస్ బాణం ఆగి ఆగి కదిలేది. ర్యామ్ పెంచుదామని వెనక మూత విప్పితే స్లాటే లేదు. రెండో సెమిస్టర్‌లో మళ్లీ కొనాల్సి వచ్చింది. అప్పటినుంచి ఎవరడిగినా ఒకటే చెబుతున్నా: తర్వాత మార్చుకోలేని భాగానికి ముందు డబ్బు పెట్టు, మార్చుకోగలిగినదాన్ని తక్కువలో కొను.

ప్రాసెసర్ మార్చలేం, కాబట్టి దానితోనే మొదలుపెట్టు. స్టిక్కర్ మీద ఐ7 అన్న మాట ఒక్కటీ చూస్తే ఏమీ తెలియదు, దాని పక్కన ఉన్న అంకెలు చదవాలి. `i7-7500U` అంటే ఏడో తరం, 2016 నాటిది, కోర్లు రెండే. `i5-1235U` అంటే పన్నెండో తరం, 2022 నాటిది, కోర్లు పది. పేరుకి ఐ5 అయినా ఆ ఐ7ని ఎక్కడికో వదిలేస్తుంది. పైగా ఏడో తరం చిప్‌లకు, ఒకటి రెండు తప్ప, విండోస్ 11 అధికారికంగా రాదు. విండోస్ 10కి ఉచిత సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో అయిపోయింది. సెకండ్‌హ్యాండ్ సైట్లలో ఐ7 చవగ్గా దొరుకుతోందంటే చాలాసార్లు కారణం ఇదే. ఏఎండీలోనూ ఇలాంటి తిరకాసే ఉంది. `Ryzen 5 7520U` నంబరు చూస్తే కొత్తగానే ఉంటుంది, లోపల ఉన్నది మాత్రం పాత జెన్ 2 డిజైన్. నీది మెకానికల్ కాబట్టి ఇంకో మాట: సాలిడ్‌వర్క్స్ మ్యాక్ మీద నేరుగా నడవదు. స్నాప్‌డ్రాగన్ చిప్ ఉన్న విండోస్ లాప్‌టాప్ జోలికీ పోకు.

ర్యామ్ 16 జీబీ ఉండాలి. విండోస్ తన కోసమే మూడు నాలుగు జీబీ తినేస్తుంది. బ్రౌజర్, సాలిడ్‌వర్క్స్ అసెంబ్లీ కలిస్తే 8 చాలదు. చాలనప్పుడు సిస్టమ్ ఆ మిగతా భారం డిస్క్ మీదికి తోస్తుంది, మెషీన్ నత్తనడక నడిచేది అప్పుడే. అలాగని ఇవాళే 16 ఉన్నది కొనాలనేం లేదు, ఖాళీ స్లాట్ ఉంటే చాలు. టాస్క్ మేనేజర్‌లో `Performance`, ఆ తర్వాత `Memory` నొక్కితే కింద `Slots used: 1 of 2` అని కనిపిస్తుంది. ఇంకో స్టిక్ పెట్టొచ్చన్నమాట. రెండు స్టిక్‌లు ఉంటే విడి గ్రాఫిక్స్ కార్డు లేని లాప్‌టాప్‌లో త్రీడీ మోడల్ తిప్పేటప్పుడు కూడా తేడా తెలుస్తుంది.

స్టోరేజ్ గురించి బెంగ పెట్టుకోకు. ఈఎంఎంసీ అని రాసి ఉంటే మాత్రం వదిలెయ్. అది నెమ్మది, బోర్డుకి అతికించి ఉంటుంది. ఎన్‌వీఎంఈ ఎస్ఎస్‌డీ 256 జీబీ ఉన్నా మొదటి సెమిస్టర్ గడుస్తుంది. తర్వాత నాలుగు స్క్రూలు విప్పి పెద్దది వేసుకోవచ్చు.

మా రూమ్‌మేట్ తమ్ముడు పోయినసారి ఇలాగే కొన్నాడు. కంపెనీలు వాడి వదిలేసిన డెల్ లాటిట్యూడ్ 5430, రిఫర్బిష్డ్. `i5-1235U`, 8 జీబీ ఒకే స్టిక్, 256 జీబీ ఎస్ఎస్‌డీ, పన్నుతో 368 డాలర్లు. దాంట్లో ర్యామ్ స్లాట్‌లు రెండు. ఇంకో 8 జీబీ స్టిక్ వాడినదే తెచ్చి వంటింటి బల్ల మీద తనే బిగించుకున్నాడు. మిగిలిన డబ్బుతో డిసెంబర్‌లో ఎస్ఎస్‌డీ మార్చాడు. ఆన్సిస్‌లో పెద్ద సిమ్యులేషన్లకు ఇది సరిపోదు, వాటికి డిపార్ట్‌మెంట్ ల్యాబ్‌కే వెళ్తాడు. నువ్వూ అంతే చెయ్యాలి. వాటిని 1,500 డాలర్ల మెషీన్ మీద నడిపినా రాత్రంతా కూర్చోవాల్సిందే.

రిఫర్బిష్డ్‌లో ఎక్కువగా దెబ్బతినేది బ్యాటరీ. పెట్టె విప్పిన రోజే కమాండ్ ప్రాంప్ట్‌లో ఇది కొట్టు:

```
powercfg /batteryreport
```

వచ్చిన ఫైల్‌లో `DESIGN CAPACITY`, `FULL CHARGE CAPACITY` పక్కపక్కన పెట్టి చూడు. వాడిది మొదట 58,000 ఉండాల్సింది 41,000 చూపించింది, అంటే 71 శాతం. ఉంచుకున్నాడు, క్లాసులో మూడు గంటలు వస్తోందట. 60 కంటే తగ్గి ఉంటే వాపసు గడువు దాటకముందే తిప్పి పంపెయ్. ఆ గడువు ఎన్ని రోజులో కొనేముందే చూసుకో, ఒక్కో షాపుది ఒక్కో లెక్క.