పీఈటీ ఉద్యోగం: జీతం సక్రమంగా వస్తుందో లేదో చేరకముందే తెలుసుకోవడం

ప్రశ్న: బీపీఈడీ పూర్తయింది. డీఎస్సీ వచ్చేదాకా హైదరాబాద్‌లో స్కూల్లోనో, జిమ్‌లోనో, అకాడమీలోనో చేరాలనుకుంటున్నాను. ఎక్కడ ప్రయత్నించాలి? జీతం సరిగ్గా ఇచ్చేది ఎవరు?

డీఎస్సీని నమ్ముకుని ఖాళీగా కూర్చోవద్దని ముందే చెప్పాలి. 2024 తెలంగాణ డీఎస్సీలో మొత్తం 11,062 పోస్టులుంటే అందులో పీఈటీ పోస్టులు 182 మాత్రమే. కాబట్టి ప్రైవేటులో మీరు గడిపే కాలం కొన్ని నెలలతో పోయేది కాకపోవచ్చు. ఆ కాలంలో ఎక్కడ చేరాలన్నదాని కంటే ఎవరి జీతాల పట్టీలో మీ పేరు ఉంటుందన్నది ముఖ్యమని నా గట్టి నమ్మకం.

హైదరాబాద్‌లో కొన్ని పెద్ద ప్రైవేటు పాఠశాలలు ఆటల విభాగాన్ని బయటి ఏజెన్సీలకు అప్పగిస్తున్నాయి. మీరు ఆ పాఠశాల టీషర్టు వేసుకుని, ఆ మైదానంలోనే రోజంతా ఎండలో నిలబడి, ఆ పాఠశాల బస్ డ్యూటీ కూడా చేస్తారు. కానీ మీకు జీతమిచ్చేది ఏజెన్సీ. ఏజెన్సీకి పాఠశాల డబ్బు ఇచ్చేది తరచుగా తరగతులు నడిచే పది నెలలకే. మార్చి చివర మైదానం ఖాళీ కాగానే మీ జీతం కూడా ఆగిపోతుంది. లెక్కల మాస్టారికి వేసవి సెలవుల్లో జీతం వస్తుంది, ఆటల మాస్టారికి రాదు. పరీక్షల ముందు మన గేమ్స్ పీరియడ్లన్నీ సిలబస్ కోసం లాక్కునేది కూడా ఆ పాఠశాలలే. ఈ తేడాను ఎవరూ ప్రశ్నించకపోవడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

మా కాలేజీలో నాకంటే వెనుక బ్యాచ్‌లో చదివిన ఒక ఖోఖో ఆటగాడు మే నెలాఖరులో రెండు ఆఫర్ లెటర్లు పట్టుకుని నా గదికి వచ్చాడు. ఒకటి అలాంటి ఏజెన్సీది, నెలకు 22,000. రెండోది ఒక సొసైటీ నడిపే మధ్యస్థాయి పాఠశాలది, నెలకు 18,000. "అన్నా, నాలుగు వేలు తేడా. ఆలోచించడానికేముంది?" అన్నాడు.

ముందు కాగితాల మీదే లెక్క వేశాము. ఏజెన్సీ చెప్పిన 22,000 అన్నది సీటీసీ, అంటే పీఎఫ్‌లో ఉద్యోగి వాటా, యజమాని వాటా రెండూ అందులోనే ఉన్నాయి. బేసిక్ 15,000 చూపించారు కాబట్టి 12 శాతం చొప్పున ఒక్కో వాటా 1,800. రెండూ తీసేస్తే చేతికి వచ్చేది 18,400. పాఠశాల చెప్పిన 18,000లో అదే 1,800 ఉద్యోగి వాటా మాత్రమే కోస్తారు, యజమాని వాటా పైన వేరుగా కడతారు, చేతికి 16,200. వృత్తి పన్ను, ఈఎస్ఐ వంటి చిన్న కోతలను పక్కన పెడితే, నెలవారీగా ఏజెన్సీదే మెరుగ్గా కనిపిస్తుంది. కానీ ఏజెన్సీ లెటర్‌లో రెండో పేజీ చివర "అకడమిక్ సెషన్ కాలానికి" అన్న మాట ఉంది. పది నెలలకు 1,84,000. పాఠశాల పన్నెండు నెలలకు 1,94,400. పీఎఫ్ కూడా కలుపుకుంటే ఏజెన్సీ నుంచి ఏడాదికి 2,20,000, పాఠశాల నుంచి 2,37,600.

అయితే పాఠశాల నిజంగా పన్నెండు నెలలూ ఇస్తుందా అన్నది కాగితం చెప్పదు. దానికి నేను వాడే పద్ధతి ఒకటుంది, మన రంగంలో చాలామందికి ఇది తెలియదు. ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో Establishment Search అనే పేజీకి లాగిన్ అవసరం లేదు. అక్కడ సంస్థ పేరు కొట్టి, వచ్చిన జాబితాలో View Details నొక్కి, తర్వాత View Payment Details తెరిస్తే, ఆ సంస్థ ఏ నెల జీతాలకు సంబంధించిన పీఎఫ్‌ను ఏ తేదీన, ఎంతమంది ఉద్యోగుల పేరిట, ఎంత కట్టిందో వరుసగా కనిపిస్తుంది. బోర్డు మీది పేరుతో వెతికితే దొరకకపోవచ్చు. పాఠశాలను నడిపే సొసైటీ లేదా కంపెనీ అసలు పేరు కావాలి. అది ఆఫర్ లెటర్ అడుగున గానీ, పిల్లల ఫీజు రసీదు మీద గానీ ఉంటుంది. అక్కడా దొరకకపోతే వారినే పీఎఫ్ కోడ్ అడగండి. సక్రమంగా కట్టేవారు వెంటనే చెబుతారు.

ఆ పట్టికలో మూడు విషయాలు చూడాలి. ఒక నెల పీఎఫ్‌ను మరుసటి నెల 15వ తేదీలోపు కట్టాలి, కాబట్టి తేదీల వరుసే యజమాని చేతిలో డబ్బు ఎలా ఆడుతోందో చెబుతుంది. రెండోది ఉద్యోగుల సంఖ్య: పాఠశాలలో అరవై మంది తిరుగుతుంటే పట్టికలో పదిహేను మందే ఉంటే, మిగిలినవారిని "కన్సల్టెంట్లు"గా చూపిస్తున్నారని అనుమానించవచ్చు. మూడోది, మనకు అన్నిటికంటే పనికొచ్చేది, ఏప్రిల్, మే నెలల వరుసలు. ఆ రాత్రి మేము చూసిన ఏజెన్సీ పట్టికలో అంతకుముందు ఏడాది మార్చి వరకు నూట నలభై చిల్లర ఉన్న ఉద్యోగుల సంఖ్య ఏప్రిల్, మే నెలల్లో ముప్పైకి పడిపోయి, జూన్‌లో మళ్లీ పెరిగింది; అక్టోబర్ పీఎఫ్ జనవరిలో జమ అయింది. పాఠశాల సొసైటీ పట్టికలో సంఖ్య వేసవిలోనూ అంతే ఉంది, తేదీలు ప్రతి నెలా 15లోపే ఉన్నాయి. అతను పాఠశాలలో చేరాడు, మరుసటి మే జీతం కూడా అందుకున్నాడు.

ఈ పద్ధతికి పరిమితులు ఉన్నాయి. ఇరవై మంది కంటే తక్కువ ఉద్యోగులున్న సంస్థకు సాధారణంగా పీఎఫ్ తప్పనిసరి కాదు కాబట్టి కాలనీలోని చిన్న జిమ్, యోగా కేంద్రం, ఈత కొలను అకాడమీ అందులో కనిపించవు. పెద్ద గొలుసు సంస్థలు వేర్వేరు కోడ్‌ల కింద కట్టవచ్చు. పీఎఫ్ కట్టినంత మాత్రాన జీతం పడిందని రుజువు కాదు. అయినా ప్రతి నెలా 15లోపు పీఎఫ్ కట్టే యజమాని జీతాలు ఆపడం నేను ఇంతవరకు చూడలేదు.

జిమ్ అయితే ఒకే ప్రశ్న గట్టిగా అడగండి: పర్సనల్ ట్రైనింగ్ కమిషన్‌ను సభ్యుడు డబ్బు కట్టినప్పుడు ఇస్తారా, సెషన్లు పూర్తయినప్పుడు ఇస్తారా? మూడు నెలల ప్యాకేజీ సొమ్ము యజమాని ముందే తీసుకుని, మీకు మాత్రం పూర్తయిన సెషన్లను బట్టి తర్వాతి నెలలో ఇస్తే, జిమ్ మూతపడిన రోజున మీరు పని చేసిన నెల కమిషన్ కూడా అందులోనే చిక్కుకుంటుంది. యజమాని గదిలో కాకుండా, ఉదయం ఆరు గంటల షిఫ్టులో ఉన్న ఫ్లోర్ ట్రైనర్‌ను పోయిన నెల జీతం ఏ తేదీన పడిందో అడగండి. అతను తేదీ చెప్పకుండా "వస్తుందన్నా, కొంచెం అటూ ఇటూ" అంటే అక్కడ చేరవద్దు.

ఇక ఎక్కడ ప్రయత్నించాలన్న మీ ప్రశ్నకు వస్తే, సొంత మైదానం ఉండి పీఈటీని తమ జీతాల పట్టీలోనే ఉంచుకునే సీబీఎస్‌ఈ పాఠశాలలతో మొదలుపెట్టండి. వాటి వెబ్‌సైట్లలోని తప్పనిసరి సమాచార పత్రంలో ఉపాధ్యాయుల వివరాలు ఉంటాయి, పీఈటీ స్థానం గురించి అక్కడే కొంత తెలుస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లోనే వెళ్లి కలవండి. జూన్‌లో మిగిలేవి ఎక్కువగా ఏజెన్సీ ఉద్యోగాలే. చేరేటప్పుడు ఏప్రిల్, మే జీతం గురించి ఒక వాక్యం అపాయింట్‌మెంట్ లెటర్‌లో రాయించుకోండి. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకుంటామని ఎవరైనా అంటే జిరాక్స్ కాపీలు మాత్రమే ఇవ్వండి; మానేస్తే తిరిగి ఇవ్వకుండా బకాయి జీతం వదులుకునేలా చేయడానికి ఆ సర్టిఫికెట్లను వాడుకునే పాఠశాలలు ఉన్నాయి.