నమూనా లేని వ్యాపార లేఖను దిద్దేటప్పుడు సంతకం దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మా కార్యాలయంలో ఉత్తరాలను నలుగురు నాలుగు రకాలుగా రాస్తారు. సంస్థకంటూ ఒక నమూనా లేదు. బయటికి వెళ్లే ముందు వాటిని దిద్దే పని నాకు అప్పగించారు. చిరునామా, సంబోధన, విషయం, ముగింపు, వీటిలో ఏది తప్పో, ఏది రాసినవారి ఇష్టమో ఎలా తేల్చుకోవాలి? తెలుగు ఉత్తరాలే ఎక్కువ, ఇంగ్లీషువి కొన్ని ఉంటాయి.

జవాబు: కోల్డ్ స్టోరేజీలకు యంత్రాల విడిభాగాలు సరఫరా చేసే ఒక సంస్థలో నేను చాలా ఏళ్లు ఉత్తర ప్రత్యుత్తరాల విభాగం చూశాను. అక్కడా నమూనా ఉండేది కాదు. ముగింపును ఒకరు ఎడమ అంచుకు, ఒకరు కుడి వైపుకు రాసేవారు. తేదీ ఒకరికి పైన, ఇంకొకరికి కింద ఉండేది. మొదటి రోజుల్లో నేను ఇవన్నీ ఒకే తీరుకు తేవాలని చూసి, అసలు తప్పులను వదిలేసేవాణ్ని. తరువాత తెలిసింది ఏమిటంటే, మీరు చెప్పిన నాలుగు భాగాలు వేటికవి తప్పో ఒప్పో కావు. ఒకదానితో ఒకటి పొసగనప్పుడే తప్పవుతాయి. ముగింపు కుడివైపున ఉండడం తప్పు కాదు. సంబోధనతో పొసగని ముగింపు ఎక్కడ ఉన్నా తప్పే.

అందుకే నేను ఉత్తరాన్ని కింది నుంచి చదవడం అలవాటు చేసుకున్నాను. ముందు సంతకం చూస్తాను: ఎవరు, ఏ హోదాలో, తమ తరఫునా లేక సంస్థ తరఫునా సంతకం చేస్తున్నారు? తరువాత చిరునామా: ఉత్తరం వెళ్తున్నది వ్యక్తికా, పదవికా, సంస్థకా? ఈ రెండూ తేలితే సంబోధన, ముగింపు వాటంతట అవే తేలిపోతాయి. విషయం పంక్తిని మాత్రం ఉత్తరం చివరి పేరా చదివేదాకా ముట్టుకోను.

ఒక ఉత్తరాన్ని తీసుకుని చూపిస్తాను. బాకీ అడుగుతూ నరసరావుపేటలోని ఒక కోల్డ్ స్టోరేజీకి రాసిన ఉత్తరం నా బల్ల మీదికి ఇలా వచ్చింది. సంస్థ పేరు తీసేశాను.

కు,
శ్రీ మేనేజింగ్ డైరెక్టర్ గారు,
(సంస్థ పేరు) ప్రైవేట్ లిమిటెడ్
నరసరావుపేట, గుంటూరు జిల్లా – 523001

విషయం: బిల్లు విషయమై గురించి.

ప్రియమైన సర్ గారికి,

మీరు మార్చి నెలలో తీసుకున్న కంప్రెసర్ విడిభాగాల విలువ రూ. 86,500. అందులో రూ. 48,000 మాకు అందినవి…

ఇట్లు,
మీ విశ్వాసపాత్రుడు

మొదటి పంక్తిలో ఒంటరిగా నిలబడిన "కు" ఇంగ్లీషు ఉత్తరం తల మీద ఉండే మాటకు నీడ. తెలుగులో విభక్తి నామం వెనుక చేరుతుంది, ముందు నిలబడదు. కాబట్టి ఆ పంక్తి తీసేసి, రెండో పంక్తిని "మేనేజింగ్ డైరెక్టర్ గారికి" అని మార్చాను. "శ్రీ" కూడా తీసేశాను, ఎందుకంటే అది పేరు ముందు చేరేది, పదవి ముందు కాదు. పేరు తెలిస్తే "శ్రీ" ఫలానా "గారికి" అని ఒక పంక్తిలో, పదవి దాని కింద పంక్తిలో రావాలి. పేరు తెలియకపోతే పదవి ఒక్కటే చాలు. పేరు ముందున్న పొడి అక్షరాలను బట్టి ఆ వ్యక్తి స్త్రీయో పురుషుడో ఊహించి "శ్రీ" లేదా "శ్రీమతి" చేర్చడం నేను పూర్తిగా మానేశాను. పంక్తుల చివర కామాలు కొన్నింటికి ఉండి కొన్నింటికి లేవు. ఎక్కువ పంక్తులకు ఉన్నాయి కనుక మిగిలినదానికీ పెట్టాను. రాసినవారు అన్ని పంక్తులకూ కామా వదిలేసి ఉంటే అలాగే ఉంచేవాణ్ని.

ఇక్కడ అసలు ప్రమాదం పిన్ కోడ్‌లో ఉంది. 523001 ఒంగోలుది, నరసరావుపేటకు 522601. పాత ఉత్తరం మీద కొత్తది టైపు చేసినప్పుడు ఊరి పేరు మారి అంకెలు మిగిలిపోతాయి. మా దగ్గర ఇలాంటి ఉత్తరమే ఒకటి నా కళ్లు దాటి వెళ్లిపోయింది. వేరే ఊరు తిరిగి చేరేసరికి అందులో మేము పెట్టిన గడువు దాటిపోయింది. అప్పటి నుంచి పిన్ కోడ్ మొదటి మూడు అంకెలను ఊరితో పోల్చి చూడకుండా ఏ ఉత్తరాన్నీ వదలలేదు. ఆ మూడూ కలిసి ఉత్తరాలను వేరుచేసే ప్రాంతాన్ని చెబుతాయి, చివరి మూడు తపాలా కార్యాలయాన్ని చెబుతాయి.

జిల్లా పేరుతో పోల్చడం మాత్రం సరిపోదు. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. నరసరావుపేట గుంటూరు జిల్లా నుంచి పల్నాడు జిల్లాకు కేంద్రంగా మారింది. అందుకని చిరునామాలో జిల్లా పేరు మార్చాను. కానీ పిన్ కోడ్‌లు జిల్లాలతో పాటు మారలేదు. చీరాల ఇప్పుడు బాపట్ల జిల్లాలో ఉన్నా దాని పిన్ 523155 గానే ఉంది, బాపట్లదేమో 522101. ఒకే జిల్లాలో పిన్ కోడ్‌లకు రెండు రకాల మొదటి అంకెలు కనిపించాయని ఒకదాన్ని తప్పనుకుని దిద్దితే, మనమే కొత్త తప్పు చేసినవాళ్లం అవుతాం. తెలంగాణ చిరునామాలలోనూ ఇదే జాగ్రత్త అవసరం. 2014 జూన్‌కు ముందు తెరిచిన ఖాతాలలో అక్కడి ఊళ్ల కింద ఆంధ్రప్రదేశ్ అని ఉండిపోయిన సందర్భాలు నేను చాలా చూశాను. రాష్ట్రం పేరు మార్చాలి, అంకెలను మాత్రం కదపకూడదు.

ఇక సంబోధన. "ప్రియమైన సర్" అనేది ఇంగ్లీషు మర్యాదకు మాటకు మాట వేసిన అనువాదం. తెలుగులో "ప్రియమైన" దగ్గరివాళ్లకు రాసే మాట, బాకీ అడిగే ఉత్తరంలో అది అతకదు. అంతకంటే సూక్ష్మమైనది చివరి "గారికి". సంబోధన "గారికి" అని ముగిస్తే దాని తరువాత "నమస్కారములు" అనో "వ్రాయునది" అనో ఒక మాట వచ్చి ఆ విభక్తికి ఆధారం ఇవ్వాలి. ఇక్కడ వెంటనే "మీరు మార్చి నెలలో" అని వాక్యం మొదలైంది కనుక "గారికి" గాలిలో వేలాడుతోంది. దానికి మార్గాలు రెండు: "గారికి, నమస్కారములు" అని పూర్తి చేయడం, లేదా పిలుపుగా మార్చి "ఆర్యా" అనో "అయ్యా" అనో రాయడం. ఈ ఉత్తరం పేరు తెలియని పదవికి వెళ్తోంది కనుక "ఆర్యా" అని పెట్టాను. ఉత్తరం తీసుకునేవారు స్త్రీ అని ఖాయంగా తెలిస్తే "అమ్మా" అని కానీ, పదవితో "మేనేజర్ గారూ" అని కానీ రాయవచ్చు. రాసినవారు వాడిన రూపం సరిగ్గా అతికితే నా ఇష్టాన్ని దాని మీద రుద్దను.

ముగింపులో "మీ విశ్వాసపాత్రుడు" కూడా అదే తోవలో వచ్చిన అనువాదం. తెలుగు వ్యాపార లేఖలో "భవదీయుడు" చాలు. కొందరు దానికి బదులు "తమ విధేయుడు" అని రాస్తారు. ఉద్యోగి పై అధికారికి రాసే దరఖాస్తులో అది తగినది. రావలసిన సొమ్ము అడుగుతున్న సంస్థ తనను తాను విధేయుడని చెప్పుకోనక్కర లేదు. "తమ" అన్న మాటను కూడా చూసుకోవాలి. ఉత్తరమంతా "మీరు" అని రాసి చివర "తమ" అని మారితే దాన్ని ఇద్దరు రాసినట్టు కనిపిస్తుంది. లింగం విషయంలో నేను ఒక పొరపాటు చేశాను: మా లెక్కల విభాగం నుంచి వచ్చిన ఉత్తరంలో "భవదీయురాలు" అని ఉంటే, సంతకం కింద పొడి అక్షరాలతో ఉన్న పేరు చూసి "భవదీయుడు" అని మార్చాను. రాసినది ఒక మహిళ. ఆమె ఓపికగా వచ్చి చెప్పింది. సంతకం ముందు చూడాలనే నియమం నాకు అక్కడి నుంచే వచ్చింది. ఈ ఉత్తరంలో సంతకం చేసేది సంస్థ తరఫున కాబట్టి, పేరు, హోదా కింద సంస్థ తరఫున అన్న పంక్తి చేర్చాను. ఉత్తరంలో "మాకు అందినవి" అని ఉండి చివర ఒక్కరి సంతకం ఉండడానికి ఆ పంక్తే సమాధానం ఇస్తుంది.

ఇంగ్లీషు ఉత్తరాలకు సూత్రం ఇంకా కచ్చితమైనది. మన కార్యాలయాల్లో నడిచే బ్రిటిష్ సంప్రదాయంలో "డియర్ సర్" కు "యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ", పేరుతో పిలిస్తే "యువర్స్ సిన్సియర్లీ" జత. సంబోధనను మార్చిన వెంటనే కిందికి వెళ్లి ముగింపునూ చూడకపోతే జత విడిపోతుంది. నేను చూసిన తప్పుల్లో ఎక్కువ భాగం దిద్దేవాళ్లు చేసినవే. "యువర్స్" లో అపాస్ట్రఫీ ఉండదు, రెండో మాట చిన్న అక్షరంతో మొదలవుతుంది. చిరునామా సంస్థ పేరు మీద ఉండి, ఫలానా వారి దృష్టికి అని వేరే పంక్తి ఉంటే, సంబోధన సంస్థకు తగినట్టే ఉండాలి, ఆ వ్యక్తి పేరుకు కాదు.

విషయం పంక్తి మిగిలింది. "విషయం" అని మొదలుపెట్టి "విషయమై" అని, మళ్లీ "గురించి" అని ఒకే పని మూడుసార్లు చేశారు. ప్రభుత్వ కార్యాలయాల ఉత్తరాల్లో చిన్న గీతలతో ముక్కలు పేర్చి చివర "గురించి" అనడం ఒక రివాజు. అక్కడికి రాసేటప్పుడు దాన్ని నేను మార్చను, ఎందుకంటే తీసుకునేవారు దస్త్రం వెతికేది ఆ ముక్కలతోనే. వ్యాపార సంస్థకు వెళ్లే దానిలో మాత్రం ఏ బిల్లు, ఏ తేదీది, ఏమి కోరుతున్నాము అనే మూడూ ఒక పంక్తిలో కనిపించాలి. ఈ ఉత్తరంలో కోరిక చివరి పేరాలో ఉంది: మిగిలిన సొమ్ము 15 రోజుల్లో పంపండి అని. రూ. 86,500 లో రూ. 48,000 పోగా రూ. 38,500 మిగులుతుంది. దాంతో పంక్తి ఇలా అయింది: "విషయం: మార్చి 18 నాటి ఇన్‌వాయిస్ 417, మిగిలిన రూ. 38,500 చెల్లింపునకు విజ్ఞప్తి". విషయం పంక్తి సంబోధనకు పైన ఉండాలా కింద ఉండాలా అని అడిగితే, రెండు రకాలూ వాడుకలో ఉన్నాయి. రాసినవారు పెట్టిన చోటే ఉంచాను.

తేదీని నేను నా అంతట వేయలేదు. ఉత్తరంలో ఒకచోట మార్చి 18 అని, ఇంకొకచోట మార్చి 13 అని ఉంది. అంకెలు, పేర్లు, తేదీలు పొసగనప్పుడు వాటిని దిద్దకుండా, పక్కన పెన్సిలుతో ప్రశ్నార్థకం పెట్టి రాసినవారికి తిరిగి పంపాను. లెడ్జర్ చూసి 18 అని చెప్పాక, రెండు చోట్లా అదే ఉంచి ఉత్తరాన్ని టైపుకు ఇచ్చాను.