ఫార్మల్ రైటింగ్‌లో e.g., i.e., etc.: ఏది ఎక్కడ పెట్టాలి?

ప్రశ్న: "ఎం.టెక్. థీసిస్ రాస్తున్నాను. e.g., i.e. రెండూ నాకు ఒకేలా అనిపిస్తాయి, ఏది ముందు గుర్తొస్తే అది పెట్టేస్తున్నా. మా గైడ్ సగం కొట్టేసి, etc. ఉన్న చోటల్లా ప్రశ్నార్థకం పెట్టి పంపారు. వీటిని సరిగ్గా వాడటం ఎలా?"

టెండర్ డాక్యుమెంట్లు, సర్వీసు కాంట్రాక్టులు సంతకానికి వెళ్లేముందు చదివి సరిదిద్దడం నా ఉద్యోగం. థీసిస్‌లో ఈ తప్పు జరిగితే గైడ్ ఎర్ర ఇంకుతో కొట్టేస్తారు, అంతే. మా దగ్గర జరిగితే ఎవరో ఒకరి జేబులోంచి డబ్బు పోతుంది. అందుకే ముందు ఒక కాంట్రాక్టు సంగతి చెప్తాను, మీ థీసిస్ దగ్గరికి తర్వాత వద్దాం.

ఒక ఆఫీసు బిల్డింగ్‌లో ఏసీల వార్షిక మెయింటెనెన్స్ కాంట్రాక్టు అది. సంతకాలు అయిపోయి, గొడవ మొదలయ్యాక ఆ కాగితం మా టేబుల్ మీదికి వచ్చింది. అందులో ఈ వాక్యం ఉంది:

```
All consumable parts (i.e., filters, belts and
capacitors) shall be replaced free of cost.
```

నడి ఎండాకాలంలో ఒక యూనిట్‌లో కాంటాక్టర్ కాలిపోయింది. కంప్రెసర్‌కి కరెంటు ఇచ్చి ఆపే భాగం అది, వాడేకొద్దీ దాని పాయింట్లు కాలి అరిగిపోతాయి. "ఇదీ అరిగే భాగమే కదా, ఫ్రీగా మార్చాలి" అని ఆఫీసువాళ్లు. ఏజెన్సీ అతను మాత్రం బిల్లు పెట్టాడు. "సార్, కన్‌జ్యూమబుల్స్ అంటే ఫిల్టర్లు, బెల్టులు, కెపాసిటర్లు అని మీరే రాశారు. నాలుగోది ఎక్కడుందో చూపించండి" అన్నాడు. కోపం తెప్పించే మాటే గానీ, కాగితం ప్రకారం అతను చెప్పిందే సబబు. i.e. పెట్టిన క్షణంలో బ్రాకెట్లోని ఆ మూడు వస్తువులు ఉదాహరణలు కాకుండా పోయాయి, కన్‌జ్యూమబుల్స్‌కి నిర్వచనం అయ్యాయి. రాసినవాళ్ల మనసులో ఉన్నది "ఫిల్టర్లు, బెల్టులు, అలాంటివన్నీ" అని. ఆ భావానికి పెట్టాల్సింది e.g.

మన దగ్గర ఈ పొరపాటు ఎక్కువగా ఎందుకు జరుగుతుందంటే, మాటల్లో మనం రెండు పనులకీ ఒకే "అంటే" వాడేస్తాం. "ప్రూఫ్‌లు అంటే ఆధార్ కార్డో, పాన్ కార్డో తెండి" అన్నప్పుడు ఆ "అంటే" ఉదాహరణే చెబుతోంది, కానీ ఇంగ్లీషులో రాయబోతే చెయ్యి i.e. వైపు పోతుంది.

కాబట్టి నేను వాడే పరీక్ష చాలా చిన్నది. బ్రాకెట్లో జాబితా రాశాక "ఇంకా ఉన్నాయా?" అని అడుగుతాను. ఉన్నాయి అంటే e.g., లేవు, ఇంతే అంటే i.e. ఇప్పుడు మీలాంటివాళ్లు రాసే వాక్యం ఒకటి తీసుకుందాం:

```
heavy metals (e.g., lead, cadmium)
the two metals tested (i.e., lead and cadmium)
```

రెండింటిలోనూ ఉన్నవి సీసం, కాడ్మియమే. కానీ మొదటి వాక్యంలో భారలోహాలు బోలెడు ఉన్నాయి, పాఠకుడికి అర్థమవడానికి రెండు పేర్లు చెప్పారు. రెండో దాంట్లో పరీక్షించినవి ఆ రెండే, మూడోది లేదు. మొదటి చోట i.e. పెట్టారనుకోండి, వైవాలో ఎగ్జామినర్ "మరి పాదరసం భారలోహం కాదా?" అని అడగడానికి మీరే దారి ఇచ్చినట్టు. రెండో చోట e.g. పెడితే ఇంకో రకం టెన్షన్: మిగతా లోహాల ఫలితాలు ఎక్కడ దాచారని అడుగుతారు.

i.e. జాబితాలకే పరిమితం కాదు. "రూమ్ టెంపరేచర్ (i.e., 25 °C)" అని రాస్తే, ఆ పేపర్‌లో రూమ్ టెంపరేచర్ అన్న ప్రతి చోటా 25 డిగ్రీలే అని మాటిచ్చినట్టు. అక్కడ e.g. పడితే ఒక్కో ప్రయోగం ఒక్కో ఉష్ణోగ్రతలో చేశారేమో అనుకుంటారు. మీ ఏప్రిల్ రీడింగులు నిజంగానే 31 దగ్గర తీసుకున్నవైతే i.e. పెట్టకండి, అసలు ఉష్ణోగ్రతల రేంజ్ రాయండి.

ఇది ఇంగ్లీషు మాస్టార్ల చాదస్తమనుకునేవాళ్ల కోసం అమెరికా పేటెంట్ కోర్టు సంగతి చెప్పాలి. అక్కడ పేటెంట్ అప్పీళ్లు వినేది ఫెడరల్ సర్క్యూట్ కోర్టు. 2009లో ఎడ్వర్డ్స్ లైఫ్‌సైన్సెస్, కుక్ కంపెనీల మధ్య రక్తనాళాల్లో పెట్టే గ్రాఫ్టుల కేసులో, పేటెంట్ వివరణలో i.e. వాడారంటే ముందున్న మాటని నిర్వచించాలనే ఉద్దేశాన్ని అది సూచిస్తుందని ఆ కోర్టు అంది. 2014లో వచ్చిన కేసు ఇంకా ఆసక్తిగా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ సహ వ్యవస్థాపకుడు పాల్ అలెన్‌కి చెందిన ఇంటర్వల్ లైసెన్సింగ్ అనే కంపెనీ ఏఓఎల్, యాపిల్, గూగుల్, యాహూల మీద వేసిన దావా అది. కంప్యూటర్ వాడేవాడి ధ్యాస మళ్లకుండా, "అడ్డు తగలని రీతిలో" స్క్రీన్ మీద సమాచారం చూపించడం గురించి ఆ పేటెంట్. అడ్డు తగలని రీతి అంటే ఏమిటి? మనిషికో రకం. పేటెంట్ వివరణలో ఒక చోట e.g. పెట్టి, ప్రధాన పనికి వాడని ఖాళీ జాగాలో చూపించడం అని ఒక ఉదాహరణ ఇచ్చారు. దాన్నే నిర్వచనంగా తీసుకోండి అని ఇంటర్వల్ వాళ్లు వాదించారు. కోర్టు ఒప్పుకోలేదు. అంత పొడవైన వివరణలోంచి ఒక్క e.g. వాక్యాన్ని ఏరి, అదే ఏకైక నిర్వచనం అనలేం అని చెప్పింది. ఆ మాట ఉన్న క్లెయిములు, అంటే పేటెంట్‌లో హక్కు కోరిన అంశాలు, అస్పష్టమైనవని తేలి చెల్లకుండా పోయాయి. మా ఆఫీసులో ఎవరైనా "అబ్బా, రెండూ ఒకటేలే" అంటే నేను ఈ కేసే చెప్తుంటాను.

ఇక్కడ ఒక మాట. e.g. పెడితే ఏసీల గొడవ తేలిపోయేదని కూడా అనుకోకండి. "ఇలాంటివన్నీ" అన్నప్పుడు ఏది ఇలాంటిది, ఏది కాదు అన్న కొత్త వాదన మొదలవుతుంది. ఏజెన్సీ అతను కాంటాక్టర్‌ని ఎలక్ట్రికల్ పార్ట్ అంటాడు, ఆఫీసువాళ్లు మరి కెపాసిటరూ ఎలక్ట్రికలే కదా అంటారు. డబ్బుతో ముడిపడ్డ చోట రెండూ తీసేసి, మార్చాల్సిన భాగాల పూర్తి జాబితాని అనుబంధంగా జతచేయడమే నేను ఎప్పుడూ చెప్పే పద్ధతి. రెండు పేజీలు పెరిగితే పెరగనివ్వండి.

ఇక etc. మీ గైడ్ ప్రశ్నార్థకం పెట్టడంలో అర్థముంది. "మిగతావి నీకే తెలుసు కదా" అని పాఠకుడి మీదికి నెట్టే మాట అది. సోమ, మంగళ, బుధ etc. అంటే ఇబ్బంది లేదు, తర్వాత ఏం వస్తుందో అందరికీ తెలుసు. "ఉష్ణోగ్రత, పీహెచ్, etc. కొలిచాం" అంటే మాత్రం మిగతా కొలతలేమిటో రాసినవాడికి తప్ప ఎవరికీ తెలియదు. ప్రయోగ పద్ధతులు చెప్పే అధ్యాయంలో దీన్ని అస్సలు రానివ్వకండి.

మన రాజ్యాంగం 19వ అధికరణం చూడండి. ఇంగ్లీషు ప్రతిలో దాని శీర్షిక వాక్ స్వాతంత్ర్యం గురించి కొన్ని హక్కుల రక్షణ అని చెప్పి etc. తో ముగుస్తుంది. శీర్షికలో అన్నీ పట్టవు కాబట్టి అది సరే. లోపలికి వెళ్తే, మాట్లాడే హక్కు, ఆయుధాలు లేకుండా శాంతియుతంగా గుమిగూడే హక్కు, సంఘాలు పెట్టుకునే హక్కు అని ఒక్కొక్కటీ విడిగా, అక్షరం గుర్తుతో ఉంటుంది. 1978లో 44వ సవరణ ఆస్తి హక్కుని ఆ జాబితాలోంచి తీసేసినప్పుడు కూడా, ఫలానా (f) తీసేస్తున్నాం అని కచ్చితంగా చెప్పగలిగారు. అసలు హక్కుల జాబితానే etc. తో వదిలేసి ఉంటే ఏది ఉంది, ఏది పోయిందో చెప్పడం ఎవరి తరమూ అయ్యేది కాదు.

e.g. తో మొదలైన జాబితా చివర etc. పెట్టకండి. ఇవి ఉదాహరణలే అని ముందే చెప్పారు, మళ్లీ "మొదలైనవి" ఎందుకు? "సచ్ యాజ్" తర్వాత కూడా అంతే. i.e. తర్వాత etc. అయితే మరీ ఘోరం, ఇంతే అని చెప్పి ఇంకా ఉన్నాయి అన్నట్టు. and etc. అని రాసేవాళ్లూ ఉన్నారు, etc. లోనే "మరియు" ఉంది కాబట్టి ఆ and అనవసరం. మనుషుల పేర్ల జాబితాకి etc. వాడరు, సహ రచయితలైతే et al. అని రాస్తారు.

మిగిలింది రూపం. మీ డిపార్ట్‌మెంట్ ఏ స్టైల్ పాటించమంటుందో ముందు కనుక్కోండి. అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్ వాళ్ల ఏపీఏ స్టైల్‌లో e.g., i.e., etc. బ్రాకెట్ల లోపలే రావాలి, బయట వాక్యంలో అయితే ఇంగ్లీషులోనే "ఫర్ ఎగ్జాంపుల్", "దట్ ఈజ్" అని పూర్తిగా రాయాలి. et al. కి మాత్రం బయటా అనుమతి ఉంది. అమెరికన్ పద్ధతిలో e.g., i.e. తర్వాత కామా పెడతారు, బ్రిటిష్ పద్ధతిలో సాధారణంగా పెట్టరు. రెండూ తప్పు కాదు, ఒకే థీసిస్‌లో రెండూ కలిపితేనే తప్పు. బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్ GOV.UK అయితే వీటిని వాడొద్దనే తన రచయితలకి చెబుతుంది. అక్కడ చుక్కలు లేకుండా eg అని రాసేవాళ్లు, చూపులేనివాళ్లు వాడే స్క్రీన్ రీడర్ దాన్ని కొన్నిసార్లు "ఎగ్" అని చదివేదట. వాక్యం మధ్యలో గుడ్డు!

మీరు లేటెక్‌లో రాస్తుంటే ఒక చిన్న తిరకాసు ఉంది. చిన్న అక్షరం తర్వాత చుక్క, ఆ తర్వాత ఖాళీ కనిపిస్తే వాక్యం అయిపోయిందనుకుని అది మామూలు కన్నా ఎక్కువ జాగా వదులుతుంది. కామా పెట్టే పద్ధతి అయితే ఈ సమస్యే రాదు. కామా లేని పద్ధతి అయితే చుక్క పక్కన బ్యాక్‌స్లాష్, ఆ తర్వాత ఒక స్పేస్ ఇవ్వాలి:

```
metals (e.g., zinc, copper)
metals (e.g.\ zinc, copper)
```

etc. వాక్యం చివర వస్తే దాని చుక్కే వాక్యానికీ సరిపోతుంది, ఇంకో చుక్క అక్కర్లేదు. ప్రశ్నార్థకమైతే మాత్రం ఆ చుక్క ఉంచి పక్కనే పెట్టాలి. ఫైల్ గైడ్‌కి పంపేముందు i.e. అని సెర్చ్ కొట్టి, కనిపించిన ప్రతి చోటా "ఇంకా ఉన్నాయా?" అని అడిగి చూడండి. నా అనుభవంలో మార్చాల్సినవి ఎక్కువగా అక్కడే దొరుకుతాయి. ఉదాహరణలున్న చోట i.e. పెట్టినవాళ్లనే ఎక్కువ చూశాను, నిర్వచనం దగ్గర e.g. పెట్టినవాళ్లు తక్కువ.