విదేశాల్లో రేటు కదలకపోయినా ఇక్కడ బంగారం ఎందుకు తగ్గుతుంది?

ప్రశ్న: మాది చంద్రగిరి. 2024 జూలైలో బడ్జెట్‌కు ముందు రోజు తిరుపతి గాంధీరోడ్డులో పాప పెళ్లికని ఐదు సవర్ల నగలు తీసుకున్నాం. మర్నాడే రేటు పడిపోయింది. బయటి దేశాల్లో మాత్రం తగ్గలేదన్నారు. షాపువాళ్లు మమ్మల్ని మోసం చేశారా? ఇంకా మూడు సవర్లు కొనాలి. వచ్చే బడ్జెట్ దాకా ఆగమంటారా?

జవాబు: మోసం కాదమ్మా. మన బంగారంలో ఎక్కువ భాగం దిగుమతే. విదేశీ ధరను రూపాయల్లోకి మార్చి, దాని మీద దిగుమతి సుంకం, ఆ మొత్తం మీద 3 శాతం జీఎస్టీ వేస్తారు. బిల్లులో జీఎస్టీ కనిపిస్తుంది కానీ సుంకం కనిపించదు. అది గ్రాము రేటులోనే కలిసి ఉంటుంది. 2024 జూలై 23న కేంద్రం ఈ సుంకాన్ని 15 నుంచి 6 శాతానికి తగ్గించింది.

లెక్క సులువుగా ఉండడానికి, విదేశీ ధర మన రూపాయల్లో గ్రాముకు 6,400 అనుకుందాం. 15 శాతం సుంకంతో అది 7,360, జీఎస్టీ కలిపితే 7,581 అవుతుంది. 6 శాతం సుంకమైతే 6,784, జీఎస్టీతో 6,988. విదేశీ ధర మారకుండానే గ్రాముకు 593 రూపాయలు తగ్గింది. ఇది 24 క్యారెట్ల లెక్క. మీ 22 క్యారెట్ల ఐదు సవర్లకు, అంటే 40 గ్రాములకు, తరుగు, మజూరీ కాకుండా సుమారు 21,700 తేడా వస్తుంది. సుంకం 9 శాతం తగ్గిందని ధర కూడా 9 శాతం తగ్గుతుందనుకోకండి. 115 రూపాయల వస్తువు 106కు వచ్చినట్టు, తగ్గింది 8 శాతం లోపే.

నిజానికి ఆ రోజు మార్కెట్‌లో అంత కూడా పడలేదు. ముందు తేదీకి ఇప్పుడే ధర కుదుర్చుకునే ముంబై ఫ్యూచర్స్ మార్కెట్‌లో పది గ్రాములకు సుమారు 4,000, అంటే గ్రాముకు 400 తగ్గింది. అప్పటికే మన దగ్గర బంగారం, సుంకం కలిపిన లెక్క కంటే కాస్త తక్కువకే అమ్ముడవుతుండడమే కారణం. ఇలాంటి డిస్కౌంట్, గిరాకీ ఉన్నప్పుడు లెక్క కంటే ఎక్కువ ధర పలికే ప్రీమియం, రెండూ మామూలే. అందుకే లెక్కకూ రేటుకూ కొంచెం తేడా కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు.

పాత సుంకం కట్టి తెచ్చిన సరుకు షాపులో ఉన్నా, మర్నాడు కొత్త రేటుకే అమ్మాలి. నష్టం వాళ్లకూ వచ్చింది. మీ బీరువాలో ఉన్న పాత బంగారం విలువా, దాని మీద బ్యాంకు ఇచ్చే లోనూ తగ్గాయి.

బడ్జెట్ కోసం ఆగమని మాత్రం నేను చెప్పను. 2022 జూలై 1న సుంకాన్ని 10.75 నుంచి 15 శాతానికి పెంచారు. అది బడ్జెట్ రోజే కాదు, ముందు చెప్పిందీ లేదు. సుంకం ఎప్పుడు, ఎటు కదులుతుందో మనకు తెలియదు. పెళ్లికి తేదీ ఉంది కాబట్టి, ఆ మూడు సవర్లను నెలకొకటి చొప్పున తీసుకోండి. అప్పుడు ఒక్క రోజు మార్పు దెబ్బ ఒక్క సవరకే తగులుతుంది. అడ్వాన్స్ కట్టి నగ చేయిస్తే, రేటు కట్టిన రోజుదా, తీసుకునే రోజుదా అన్నది రసీదు మీద రాయించుకోండి.